మూడు నిమిషాల్లో రెండు పొయ్యిలు

మా బావగారు అవనిగడ్డలో సెలవులు గడిపి, అక్కడ తీసిన టేపులు గుడివాడలో టీవీకి తగిలించి వాళ్ళమ్మగారికి చూపించారు. ఆవిడ పది నిమిషాలు చూసి, "అందరూ నడుస్తూనే ఉన్నార్రా, ఎక్కడికీ చేరట్లేదు" అని లేచి వెళ్ళి పడుకున్నారట. ఆ మాట పట్టుకుని ఆయన మర్నాడే బందరు బస్సెక్కి మా స్టూడియోకి వచ్చేశారు. అవమానం అలాంటిది మరి. వారం రోజులు భుజాన కెమెరా మోసిన మనిషి.

అప్పట్లో బందరులో మాకో చిన్న స్టూడియో ఉండేది. మా ఆయన పెళ్ళిళ్ళకి వెళ్ళి వీడియో తీసుకొచ్చేవాడు, వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని నేను మిక్సింగ్ చేసేదాన్ని. మిక్సింగ్ అంటే ఏం లేదు, తీసుకొచ్చినదాన్ని ముక్కలు కోసి, పనికొచ్చేవి ఏరి, వరసలో పెట్టి, పాటలు తగిలించి సీడీ చెయ్యడం. ఆ రోజుల్లో ఆడది ఈ పని చేస్తుందంటే వచ్చినవాళ్ళు గది గుమ్మం దగ్గరే నిలబడి, "సార్ లేరా అండీ?" అనేవాళ్ళు. "సారు డార్క్ రూములో ఫోటోలు కడుగుతున్నారు, పని చేసేది నేనే, చెప్పండి" అనేదాన్ని. నా గొంతు కొంచెం పెద్దదే. మా అమ్మ పెళ్ళికి ముందే చెప్పింది, ఈ గొంతుతో కాపరం ఎలా చేస్తావే అని. చేశాను, బానే చేశాను.

పెళ్ళి మిక్సింగుకి ఒకటే సూత్రం: ఎవరూ మిస్సవకూడదు. మొదట వినాయకుడు, తరవాత శుభలేఖ, తరవాత పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ఆపైన వచ్చినవాళ్ళందరూ వరసగా. ఒకసారి పెళ్ళికొడుకు పెదనాన్న ముఖం కనపడలేదని ఆయన స్వయంగా చల్లపల్లి నుంచి వచ్చి, మా బల్ల మీద సీడీ పెట్టి, "నేను ఆ పెళ్ళికి వెళ్ళానా లేదా మీరే చెప్పండి" అన్నాడు. అప్పట్నుంచీ నేను ఏది మిక్సింగ్ చేసినా ముందు ముఖాలు చూసుకునేదాన్ని. ఆ అలవాటే నన్ను ముంచబోయింది.

బావగారు కుర్చీలో కూర్చుని టేపులు నా చేతిలో పెట్టారు. "అమ్మాయ్, సినిమాకి ట్రైలర్ వేస్తారు చూడు, అలా మూడు నిమిషాలు చేసిపెట్టు. మూడు నిమిషాలైతే అమ్మ కూర్చుంటుంది. వచ్చే ఆదివారం మా చిన్నదాని పుట్టినరోజు. అమ్మ వాళ్ళన్నయ్య, మా మావయ్య కూడా వస్తున్నాడు. అందరి ముందూ వేద్దాం." గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు. "మేమందరం కలిసి ఉన్నట్టు రావాలి. ఇంక ఆ గొడవ ఆదివారంతో సరి."

ఏ గొడవో నాకు తెలుసు. గుడివాడలో వాళ్ళది పెద్ద ఇల్లు. అందులో బావగారు, మా అక్క, బావగారి తమ్ముడు, ఆయన పెళ్ళాం, పిల్లలు, అక్క అత్తగారు, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. బావగారిది ఆఫీసులో గుమస్తా ఉద్యోగం, తమ్ముడు స్కూల్లో మాస్టారు. వెనక వాటాలో ఉండే అద్దెవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు. ఆ వాటాలో చిన్నకోడలు వేరే పొయ్యి పెట్టుకుంటే బాగుంటుందని మా అక్కకీ ఉంది, ఆ చిన్నకోడలికీ ఉంది. ఇల్లు విడిపోవడం కాదు, గోడ కట్టడం కాదు, పొయ్యి ఒక్కటే. ఆ మాట చెవిన పడగానే అత్తగారు, "నేను బతికుండగా ఈ ఇంట్లో రెండో పొయ్యి వెలగదు" అని తేల్చేశారు. ఆవిడ కూడా చెడ్డమనిషి కాదు. తన అత్తగారి కాలంలో పొయ్యిలు వేరయ్యి, తరవాత మాటలు వేరయ్యి, చావుకి కూడా ఒకళ్ళింటికి ఒకళ్ళు రాకపోవడం చూసిన మనిషి. ఆ భయం ఆవిడది.

మా అక్క పడే బాధ వేరు. పదిహేనేళ్ళ నుంచి ఆ వంటింట్లో ఉంది. తోడికోడలి మీద దానికి ద్వేషం లేదు. "ఉప్పు నేనేస్తే కారం ఆవిడేస్తుంది. బాగుంటే ఎవరి పేరూ ఉండదు, చెడితే ఇద్దరి పేర్లూ ఉంటాయి" అనేది. బావగారు వచ్చి వెళ్ళిన సాయంత్రమే ఫోన్ చేసింది. "ఆదివారం మావయ్యగారు ఐకమత్యం గురించి ఏదో కథ చెప్తారే, అందరూ తలలూపుతారు. పెద్దాయన నోటి మాట వచ్చాక ఇంక నేను నోరెత్తలేను. అక్కడితో అయిపోయింది." ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాకు అంత బరువుగా ఉండేది కాదు.

అంటే ఈ మూడు నిమిషాలు ఎవరి పక్షాన పడితే వాళ్ళ పని అయిపోతుంది. బావగారి మాట వింటే అక్కకి అన్యాయం, అక్క మాట వింటే బావగారికి కోపం. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆ సెలవుల సంగతి కూడా చెప్పాలి. మొదట ఊటీ అన్నారు. తరవాత కనీసం అరకు అన్నారు. చివరికి బావగారి ఆఫీసులో ఒకాయనకి అవనిగడ్డలో ఇల్లు ఖాళీగా ఉందని తెలిసి, "సముద్రం దగ్గరే కదా, గాలి వస్తుంది" అని మే నెలలో అవనిగడ్డ తీసుకెళ్ళారు. "ఊటీలో ఉండేది కొండగాలి, ఇది సముద్రపు గాలి, గాలి గాలే" అన్నారట. అత్తగారు వెళ్ళలేదు. బయల్దేరే ముందురోజే ఆవకాయ కలిపారు, మూడో రోజు జాడీ తిరగ కలపాలి. ఆ పని ఇంకొకళ్ళ చేతికి ఇచ్చే రకం కాదావిడ. కెమెరా మాదే, పాతది ఒకటి మా ఆయన ఇచ్చాడు. బావగారు అంతకు ముందు జన్మలో కెమెరా పట్టుకోలేదు.

పట్టుకోలేదని టేపు చూడగానే తెలిసింది. కెమెరాలోంచి కంప్యూటర్లోకి ఎక్కించడం అంటే టేపు ఎంతసేపు ఉంటే అంతసేపూ ఆడుతూనే ఉండాలి, కాబట్టి నేను సౌండు తగ్గించి, సీడీలకి కవర్లు వేసుకుంటూ ఓ కన్నేసి చూశాను. కనిపించిన ప్రతిదాని మీదికీ జూమ్ కొట్టారు. పాలకాయతిప్ప దగ్గర సముద్రాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తిప్పారు, సముద్రం ఎక్కడికైనా పారిపోతుందన్నట్టు. హంసలదీవిలో గుడి గోపురం మీద ఒక కాకిని ఎంతసేపు తీశారో. కానీ నేను పని నేర్చుకున్నాక ఒకటి గ్రహించాను. చేతకానివాళ్ళు తీసినదాంట్లోనే మనుషులు దొరుకుతారు. చేతనైనవాళ్ళు "ఇటు చూడండి, నవ్వండి" అంటారు, అక్కడితో మనుషులు బొమ్మలైపోతారు.

టేపు మీద తేదీ ఉంటుంది కాబట్టి, రోజుకొక ఫోల్డర్ పెట్టి ముక్కలన్నీ విడగొట్టాను. మూడు నిమిషాలంటే, ముక్కకి మూడు నాలుగు సెకన్లు చొప్పున, ఓ యాభై ముక్కలు పడతాయి. టేపుల్లో అంతకి పదింతలు ఉన్నాయి. ఏవి ఉంచాలో తెలియాలంటే ముందు ఆ మూడు నిమిషాలు ఏం చెప్పాలో తెలియాలి. పెళ్ళికైతే ఆ బాధ లేదు, కథ పురోహితుడు రాసిపెట్టి ఉంచుతాడు. సెలవులకి పురోహితుడు లేడు.

మొదట రోజుల వరసలోనే పేర్చి చూశాను, పెళ్ళి పద్ధతిలో అందరి ముఖాలూ వచ్చేలా. బస్సు, ఇల్లు, గుడి, సముద్రం, గుడి, సముద్రం, బస్సు. అత్తగారన్న మాట నిజమే, అందరూ నడుస్తున్నారు, ఎక్కడికీ చేరట్లేదు. పైగా అందులో ఇంకో చిక్కు. నాలుగో రోజు నుంచి నేను ఏరిన ముక్కల్లో మా అక్కా చిన్నకోడలూ ఒకే ఫ్రేములో లేరు. సముద్రం దగ్గర కూడా ఒకళ్ళు ఈ చివర, ఒకళ్ళు ఆ చివర. తెలిసిన కళ్ళకి చాలు, ఏదో జరిగిందని తెలిసిపోతుంది. బావగారు చెప్పినదానికి ఇది పూర్తి విరుద్ధం.

అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైనదని అప్పుడు అనుకున్నాను. వారం రోజులూ కలిపి ఒకే రోజులాగా చేద్దాం. తెల్లవారుతుంది, పిల్లలు పళ్ళు తోముకుంటారు, టిఫిన్లు, గుడి, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సముద్రం, పొద్దు కుంకడం, నిద్ర. ఏ రోజు ముక్క ఎక్కడ పడ్డా ఎవరికీ తెలియదు. అది మంచి పద్ధతే, ఇప్పటికీ చెప్తాను. ఏమీ జరగని సెలవులకి అంతకన్నా మంచి పద్ధతి లేదు. పొద్దున్న మొదలై రాత్రికి ముగుస్తుంది కాబట్టి, చూసేవాళ్ళకి ఎక్కడికో చేరినట్టు ఉంటుంది. అందరూ కలిసి ఉన్న ముక్కలే ఏరి, పైన ఒక పాట వేశాను. చీరలు మారిపోతున్నాయి, పొద్దున్న ఆకుపచ్చ చీర కట్టిన మా అక్క టిఫిన్ దగ్గరికొచ్చేసరికి పసుపు చీరలో ఉంది. పాట హుషారుగా ఉంటే చీరలెవరు చూస్తారులే అనుకున్నాను. మా ఆయన చూసి, "బ్రహ్మాండంగా ఉంది, మూడు నిమిషాలకి మూడు నిమిషాలు" అన్నాడు.

అక్కని రమ్మన్నాను. బందరులో కూరగాయలు కొనే వంకతో వచ్చింది, గుడివాడలో కూరగాయలు దొరకనట్టు. వెనక గదిలో కూర్చోబెట్టి చూపించాను. చూసింది.  తరవాత, "బానే ఉందే" అంది. అది బానే ఉందే అనే తీరు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, నా గౌను దాని గౌనుకన్నా బాగా కుదిరినప్పుడు అనేది.

"ఏం, ఏమైంది?"

"ఏం లేదు. ఇందులో నేను నవ్వింది ఒక్కటీ లేదేంటే?"

"అదేంటక్కా, అన్నిట్లో నవ్వుతూనే ఉన్నావుగా."

"పళ్ళు కనిపిస్తే నవ్వటం కాదే," అని సంచీ పట్టుకుని లేచింది. "ఆయన కోరినట్టే ఉందిలే. ఇచ్చెయ్యి."

అది వెళ్ళాక నాకు తిక్క పుట్టింది. అక్క మీద కాదు, నా మీద. సరే, నవ్వింది ఎక్కడుందో చూద్దామని మళ్ళీ ఒకటో రోజు ఫోల్డర్ తెరిచాను. మొదటి మూడు రోజులూ వెతికాను. నిజమే. వరసలో నిలబడటం, పిల్లల తలలు సర్దటం, కెమెరా వైపు చూడటం. చిన్నకోడలు కూడా అంతే. ఇద్దరూ ఒకే వంటింట్లో ఒకళ్ళ మోచేయి ఒకళ్ళకి తగలకుండా తిరుగుతున్నారు, ఒక్క మాట లేదు. నేను ఏరుకున్న "కలిసి ఉన్న" ముక్కలన్నీ అవే.

నాలుగో రోజు ముక్కల్లో ఒకటి వింతగా ఉంది. బావగారు కెమెరా ఆపటం మర్చిపోయి భుజాన తగిలించుకున్నారు. కనిపించేది ఆయన చెప్పులు, నేల, అప్పుడప్పుడు ఒక చీమ. వినిపించేది మాత్రం అంతా వినిపించింది. చారు గురించి. అక్క పొయ్యి మీద చారు పెట్టి పక్కకి వెళ్తే, పిల్లలకి ఇష్టమని చిన్నకోడలు బెల్లం ముక్క వేసింది. అంతే. ఆ బెల్లం ముక్క మీద పదిహేనేళ్ళ మాటలు వచ్చాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు, ఇక్కడ ఇద్దరూ ఒకళ్ళ కోపం ఒకళ్ళ మీదే చూపించుకున్నారు. చెప్పులు అటూ ఇటూ తిరిగాయి, ఎవర్నీ ఏమీ అనలేక. చివర్లో బావగారి తమ్ముడి గొంతు, "నేను బజారుకెళ్ళొస్తా" అని.

బజారుకెళ్ళి ఆయన ఇంకో కిరసనాయిలు స్టవ్వు కొనుక్కొచ్చాడు. దాన్ని వెనక వసారాలో పెట్టారు. అది కూడా టేపులో ఉంది, పెట్టె విప్పటం, వత్తులు వెలిగించటం. ఆ సాయంత్రం నుంచి అవనిగడ్డలో వాళ్ళవి రెండు పొయ్యిలు. ఆ విషయం గుడివాడ వచ్చాక ఎవరూ అత్తగారికి చెప్పలేదు. స్టవ్వు అక్కడే వదిలేసి వచ్చారట.

నేను ఐదో రోజు చూడటం మొదలుపెట్టాను. బావగారు పెరట్లో గోడ మీద ఉడతని తీస్తున్నారు. జూమ్, ఇంకా జూమ్. ఉడత పారిపోయింది. దాన్ని వెతుక్కుంటూ కెమెరా ఇలా తిరిగింది, తిరుగుతూ తిరుగుతూ వసారా మీదుగా వెళ్ళింది. అక్కడ చిన్నకోడలు చేతిలో గిన్నె, గిన్నె మీద మూతగా పళ్ళెం. వంటింటి గుమ్మం దగ్గర మా అక్కకి ఇస్తోంది. అక్క పళ్ళెం తీసి, వేలు ముంచి నాలిక మీద రాసుకుని, "చారు పంపావా, పాయసం పంపావా?" అంది. ఇద్దరూ నవ్వారు. మా అక్క తల వెనక్కి వేసి నవ్వింది, మా అమ్మ నవ్వినట్టు. దాని పెళ్ళయ్యాక ఆ నవ్వు నేను చూడలేదు. కెమెరా వాళ్ళని దాటి ఉడత కోసం వెళ్ళిపోయింది. ఉడత దొరకలేదు.

అదయ్యాక వెతికితే అన్నీ గిన్నెలే. ఆరో రోజు అక్క వేపుడు పంపించింది. ఏడో రోజు పొద్దున్న ఎవరిదో ఉప్మా. బావగారు దేన్ని తీస్తున్నా వెనక ఎక్కడో ఒక గిన్నె అటు నుంచి ఇటో, ఇటు నుంచి అటో వెళ్తోంది. వచ్చేటప్పుడు మొవ్వలో బస్సు ఆగితే తాటిముంజలు కొన్నారు, చిన్నకోడలు ముంజ ఒలిచి మా అక్క నోట్లో పెట్టింది, అక్క చేతిలో చంటిపిల్ల ఉందని. ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఏం పెట్టుకుంటారు? గుడివాడ ఇంట్లో ఎప్పుడైనా గిన్నె చేతులు మారిందా? మారాల్సిన అవసరమే లేదు కదా. నాకు ఏడుపొచ్చింది, ఏం దాచుకోను. కాసేపు గది తలుపు వేసుకుని కూర్చున్నాను.

కథ రోజుల వరసలోనే ఉంది. నేనే దాన్ని చెరిపేసి ఒకే రోజు చేశాను. ఆ ఒకే రోజు పద్ధతి, చెప్పాను కదా, ఏమీ జరగని సెలవులకి. ఇక్కడ జరిగింది. జరిగినప్పుడు దానికి ముందూ వెనకా ఉంటాయి, ముందుని ముందు, వెనకని వెనక పెట్టాల్సిందే. అలాగని మొదట చేసినట్టు అన్నీ పేర్చుకుంటూ పోతే కుదరదు. ఏ ముక్కకి ఆ ముక్కని పట్టుకుని, "నువ్వు పొయ్యి సంగతి ఏమైనా చెప్తావా?" అని అడగాలి. చెప్పకపోతే వెళ్ళిపో. అలా హంసలదీవి గోపురం వెళ్ళిపోయింది, కాకి వెళ్ళిపోయింది, సముద్రం కూడా చాలావరకు వెళ్ళిపోయింది.

మా ఆయన ఇంకో సలహా ఇచ్చాడు. "ఆ నవ్వు ముందు పెట్టు, తరవాత వెనక్కి వెళ్ళి ఎలా వచ్చిందో చెప్పు. చూసేవాళ్ళు కదలరు." ఆలోచించాను. సినిమాకైతే సరే. కానీ ఇది చూసేది అత్తగారు, అదీ ఒక్కసారి, మూడే నిమిషాలు. ఇది ఏ రోజు, ముందా వెనకా అని ఆవిడ లెక్కలేసుకుంటూ కూర్చుంటే ఆ నవ్వు చూడటం తప్పిపోతుంది. పైగా ముందే నవ్వు చూపిస్తే, ఆ నవ్వు కోసం ఎదురుచూడటం ఉండదు. వద్దన్నాను.

మొదటి ముక్క వంటింట్లో ఒక్క పొయ్యి, పక్కపక్కనే ఇద్దరూ, మాట లేకుండా. ఆ తరవాత గుడి ముందు వరస, సముద్రం ముందు వరస. సరిగ్గా సగం దగ్గర బావగారి చెప్పులు. చెప్పుల మాటలన్నీ తీసేశాను. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు, ఆ మాటలు టేపులోనే ఉండాలి. ఒక గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు మాత్రం ఉంచాను. దాని తరవాత కొత్త స్టవ్వు వెలగటం. మిగతా ముక్కలన్నీ మూడు నాలుగు సెకన్లు, ఆ వత్తి అంటుకునేది మాత్రం రెండింతలు ఉంచాను, చూసేవాళ్ళు ఆగాలని. తరవాత ఉడత, గిన్నె, నవ్వు. గిన్నెలు. ముంజ. ఆఖరి ముక్క మళ్ళీ పొయ్యి దగ్గర ఇద్దరూ, కానీ ఇప్పుడు వేరువేరు పొయ్యిల దగ్గర, గుమ్మం మధ్యలో ఉండగా మాట్లాడుకుంటూ. మొదలెక్కడ పెట్టామో అక్కడికే తిరిగి రావాలి, వచ్చేసరికి ఏదో మారి ఉండాలి. అప్పుడే చేరినట్టు.

పాట తీసేశాను. "పాట లేకుండా వీడియో ఏంటి, మూగదానిలా?" అన్నాడు మా ఆయన. "పాట వేస్తే నవ్వు వినపడదు" అన్నాను. పిల్లల గోల, గాలి, గిన్నెల చప్పుళ్ళు, అవే. వాళ్ళతో వెళ్ళిన ఒక మేనత్త ముఖం అసలు లేదు, బావగారి తమ్ముడు రెండే సార్లు వచ్చాడు. పెళ్ళి వీడియో అయితే నా బల్ల మీద సీడీ పడేది.

ఆదివారం గుడివాడ వెళ్ళాను, సీడీ సంచీలో పెట్టుకుని. రెండూ తీసుకెళ్ళాను, నిజం చెప్పాలంటే. ఒకే రోజులా ఉన్నది ఒకటి, ఇది ఒకటి. బస్సులో నాలుగుసార్లు మనసు మార్చుకున్నాను. ఇంట్లోకి వెళ్ళేసరికి మావయ్యగారు పడక్కుర్చీలో కూర్చుని అప్పటికే గొంతు సవరించుకుంటున్నారు. మా అక్క వంటింట్లో పులిహోర కలుపుతోంది, నన్ను చూసి కూడా పలకరించలేదు. అంతే, రెండోదే తీశాను.

వేశాను. అత్తగారు టీవీకి దగ్గరగా పీట వేసుకుని కూర్చున్నారు. చెప్పులు వచ్చేసరికి పిల్లలు గొల్లుమన్నారు. స్టవ్వు వచ్చేసరికి మావయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. బావగారు నా వైపు చూశారు. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. చిన్నకోడలు తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. ఆఖరి ముక్క అయిపోయి తెర నీలంగా అయిపోయింది.

"అమ్మాయ్, నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?" అన్నారు బావగారు.

"టేపులో ఉన్నదే బావగారూ. నేనేమీ కలపలేదు."

"మళ్ళీ వెయ్యమ్మా," అన్నారు అత్తగారు.

మళ్ళీ వేశాను. ఈసారి ఆవిడ ముందుకి వంగారు. గిన్నె రాగానే చెయ్యెత్తారు. ఆపాను. తెర మీద మా అక్క తల వెనక్కి వేసి ఉంది.

"ఆ గిన్నెలో ఏముంది?"

 తలుపు వెనక నుంచి చిన్నకోడలు, "చారత్తయ్యా" అంది.

"బెల్లం వేశావా?"

"వేశానత్తయ్యా."

అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగారు. మా అక్క పులిహోర చేత్తోనే గుమ్మంలో నిలబడి ఉంది. "నీకు చార్లో బెల్లం పడదుగా?"

"పడదత్తయ్యా," అంది అక్క.  "అయినా తాగాను. తను పంపించింది కదా."

మావయ్యగారు, "చూడమ్మా, ఒక చేతి వేళ్ళు..." అని మొదలుపెట్టారు. అత్తగారు ఆయన వైపు చూడకుండానే, "నువ్వుండన్నయ్యా" అన్నారు. ఆవిడ తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "పదిహేనేళ్ళయింది ఇది నా ఇంటికొచ్చి. ఇలా నవ్వుతుందని నాకు తెలియదు" అన్నారు, మెల్లగా, తనకి తానే చెప్పుకున్నట్టు. "పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా."

తరవాత లేచి వంటింట్లోకి వెళ్ళారు. అటక మీంచి ఒక చిన్న జాడీ దింపించుకుని, బయటికి తెచ్చి చిన్నకోడలి చేతిలో పెట్టారు. "శుభ్రంగా కడిగి, తడి లేకుండా ఎండలో పెట్టు. రేపు ఆవకాయ సగం తీసిస్తాను, వెనక వాటాకి." చిన్నకోడలు జాడీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. 

మా అక్క ఏడవటం మొదలుపెట్టింది, ఫోన్లో ఏడవనిదంతా. అత్తగారు దాని దగ్గరికి వచ్చారు, పులిహోర చెయ్యి కదా, ఎక్కడ పట్టుకోవాలో తెలియక మోచేయి పట్టుకున్నారు.

"ఏడవకు. పొయ్యిలు రెండు పెట్టుకోండి," అన్నారు. "గిన్నె మాత్రం ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపకండి."